ముద్ర పడిన దరఖాస్తు ఎవరి ఖాతాలోకి?

కంపెనీ వాటాలను ప్రజలకు అమ్మజూపినప్పుడు అన్నీ అమ్ముడవుతాయన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. లక్ష వాటాలు జారీ చేస్తే 80,000 వాటాలకే దరఖాస్తులు రావచ్చు. మిగిలిపోయినవాటిని తామే కొంటామని ముందుగానే ఒప్పందం రాసిచ్చి, అందుకు ప్రతిఫలంగా కమీషన్ తీసుకునేవారే అండర్‌రైటర్లు. జారీకి మంచి స్పందన వస్తే వాళ్లు పైసా పెట్టకుండా కమీషన్ అందుకుంటారు. స్పందన లేకపోతే ఎవరికీ అక్కర్లేని వాటాలు వాళ్ల చేతికి వస్తాయి.

కంపెనీలు ఈ ఖర్చుకు ఎందుకు సిద్ధపడతాయన్నదానికి జవాబు చట్టంలోనే ఉంది. ప్రాస్పెక్టస్‌లో ప్రకటించిన కనీస చందా నిర్ణీత గడువులో రాకపోతే వాటాలు కేటాయించకూడదని 2013 కంపెనీల చట్టం 39వ సెక్షన్ చెబుతుంది. పబ్లిక్ ఇష్యూలకు సెబీ ఆ కనీసాన్ని 90 శాతంగా పెట్టింది. అంటే కొద్దిపాటి కొరత వల్ల మొత్తం జారీయే రద్దయి, వచ్చిన డబ్బంతా దరఖాస్తుదారులకు తిరిగి ఇచ్చేయాల్సిన పరిస్థితి రావచ్చు. అండర్‌రైటర్‌కు ఇచ్చే కమీషన్ ఆ ప్రమాదం తప్పించుకోవడానికి పెట్టే ఖర్చు. దీనికి 40వ సెక్షన్ అనుమతిస్తుంది. వాటాల మీద కమీషన్ జారీ ధరలో 5 శాతానికి గాని, కంపెనీ నియమావళి అనుమతించిన రేటుకు గాని, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానికి మించకూడదని 2014 నిబంధనలు పరిమితి పెట్టాయి. చిన్న, మధ్య తరహా సంస్థల కోసం ఉన్న ఎస్‌ఎంఈ వేదికల మీద వచ్చే ఇష్యూలకైతే సెబీ నూటికి నూరు శాతం అండర్‌రైటింగ్ తప్పనిసరి చేసింది.

పూచీ ఇచ్చింది ఒక్కరే అయితే లెక్క సులువు. మిగిలిన వాటాలన్నీ ఆయనవే. ఇద్దరు ముగ్గురు కలిసి తలా ఇంత చొప్పున పూచీ పడ్డప్పుడే పేచీ వస్తుంది. కొరత 20,000 వాటాలన్నది అందరికీ కనిపిస్తూనే ఉంటుంది, అందులో ఎవరి వంతు ఎంత అన్నదే తేలదు. పూచీ పడ్డ నిష్పత్తిలోనే పంచేస్తే సరిపోదా అంటే, అది కష్టపడినవాడికి అన్యాయమవుతుంది. ఒకాయన తన ఖాతాదారులను ఒప్పించి వేల వాటాలకు దరఖాస్తులు పెట్టించి ఉండొచ్చు, ఇంకొకాయన చేతులు కట్టుకుని కూర్చుని ఉండొచ్చు. ఇద్దరి మీదా ఒకే కొలతతో కొరత వేస్తే మొదటివాడి శ్రమకు విలువ లేకుండా పోతుంది.

ఆ శ్రమను కొలవడానికే దరఖాస్తు మీద ముద్ర. అండర్‌రైటర్ తన ద్వారా వెళ్లే ఫారాల మీద తన పేరు, సంకేతం ఉన్న ముద్ర వేస్తాడు. ఇప్పటి ఇష్యూ ఫారాల పైభాగంలో కూడా సిండికేట్ సభ్యుడి ముద్రకు, బ్రోకర్ ముద్రకు ప్రత్యేకంగా గళ్లు కనిపిస్తాయి. ముద్ర ఉన్నవి మార్క్‌డ్ దరఖాస్తులు. ఏ ముద్రా లేకుండా నేరుగా కంపెనీకి చేరినవి అన్‌మార్క్‌డ్ దరఖాస్తులు. మార్క్‌డ్ దరఖాస్తు ఎవరి ముద్రతో వస్తే వారి పూచీలోంచే తగ్గుతుంది, ఇందులో వివాదం లేదు. అన్‌మార్క్‌డ్ దరఖాస్తు ఎవరి పుణ్యాన వచ్చిందో చెప్పలేం కాబట్టి దాని ప్రయోజనం అండర్‌రైటర్లందరికీ పంచాలి. ఏ నిష్పత్తిలో పంచాలన్నదే కంపెనీ ఖాతాల లెక్కల్లో విద్యార్థులను తికమక పెట్టే చోటు.

ఒక లెక్క తీసుకుంటే విషయం తేటపడుతుంది. ఒక కంపెనీ 10 రూపాయల వాటాలు 1,00,000 జారీ చేసింది. ఎ 50,000 వాటాలకు, బి 30,000కు, సి 20,000కు పూచీ పడ్డారు. మొత్తం జారీకి పూచీ ఉంది, నిష్పత్తి 5:3:2. ఈ అంకెలే వాళ్ల స్థూల పూచీ. ప్రజల నుంచి 80,000 వాటాలకు దరఖాస్తులు వచ్చాయి. వాటిలో ఎ ముద్రతో 20,000, బి ముద్రతో 10,000, సి ముద్రతో 20,000 ఉన్నాయి. ముద్ర లేనివి ఎన్నో లెక్కల ప్రశ్నలో చాలాసార్లు నేరుగా ఇవ్వరు. మొత్తంలోంచి మార్క్‌డ్ 50,000 తీసేసి 30,000 అని రాబట్టుకోవాలి. అసలు కొరత 20,000. చివర్లో ముగ్గురి పూచీ కూడితే ఈ అంకె రావాలి కాబట్టి, లెక్క మొదలుపెట్టే ముందే దీన్ని కాగితం మూల రాసి ఉంచుకోవడం మంచి అలవాటు.

ఎక్కువగా వాడుకలో ఉన్న పద్ధతిలో అన్‌మార్క్‌డ్ దరఖాస్తులను స్థూల పూచీ నిష్పత్తిలో పంచుతారు. 30,000ను 5:3:2లో విడగొడితే ఎకు 15,000, బికి 9,000, సికి 6,000 వస్తాయి.

| వివరం | ఎ | బి | సి | మొత్తం |
|---|---|---|---|---|
| స్థూల పూచీ | 50,000 | 30,000 | 20,000 | 1,00,000 |
| తగ్గించు: మార్క్‌డ్ | 20,000 | 10,000 | 20,000 | 50,000 |
| తగ్గించు: అన్‌మార్క్‌డ్ (5:3:2) | 15,000 | 9,000 | 6,000 | 30,000 |
| మిగులు | 15,000 | 11,000 | –6,000 | 20,000 |
| సి అదనం సర్దుబాటు (5:3) | –3,750 | –2,250 | +6,000 | – |
| నికర పూచీ | 11,250 | 8,750 | 0 | 20,000 |

నాలుగో వరుసలో సి కింద కనిపించే రుణాంకమే ఈ లెక్కకు ఆయువుపట్టు. సి పూచీ పడింది 20,000 వాటాలకు. తన ముద్రతోనే 20,000 తెచ్చాడు కాబట్టి అతని బాధ్యత అక్కడికే తీరిపోయింది. ఆపైన అన్‌మార్క్‌డ్ వంతు కింద 6,000 వచ్చి పడ్డాయి. అండర్‌రైటర్ పూచీ సున్నా కంటే కిందికి దిగదు. కంపెనీ అతనికి వాటాలేమీ బాకీ పడదు. కాబట్టి ఆ 6,000 అదనాన్ని ఇంకా పూచీ మిగిలి ఉన్న ఎ, బిలకు ఇచ్చేయాలి. పంచేది వాళ్లిద్దరి స్థూల పూచీ నిష్పత్తిలో, అంటే 5:3లో. ఎకు 3,750, బికి 2,250 తగ్గుతాయి. ఎ 11,250, బి 8,750 వాటాలు తీసుకోవాలి, సి ఏమీ తీసుకోనక్కర్లేదు. కూడితే 20,000, మూల రాసుకున్న అంకెతో సరిపోయింది.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు రకాలు. సి రుణాంకాన్ని సున్నాగా రాసేసి, ఆ 6,000ను ఎవరికీ ఇవ్వకుండా వదిలేయడం మొదటిది. అలా చేస్తే ఎ, బిల పూచీ కూడితే 26,000 అవుతుంది, కొరతను మించిన పూచీ ఉండదు కాబట్టి తప్పు వెంటనే బయటపడుతుంది. అదనాన్ని ఇద్దరికీ చెరి సగం పంచడం రెండోది. అప్పుడు ఎ 12,000, బి 8,000 అవుతాయి, మొత్తం మాత్రం 20,000కే తేలుతుంది. కూడిక సరిపోయినంత మాత్రాన లెక్క సరైనదని అనుకోకూడదన్నది అందుకే. మొత్తం చూసి మొదటి తప్పు పట్టుకోవచ్చు గాని, రెండోదాన్ని నిష్పత్తి చూసి మాత్రమే పట్టుకోగలం.

ఒక్కోసారి ఈ సర్దుబాటు ఒక్క దెబ్బతో పూర్తికాదు. పై లెక్కలో ఎ ముద్రతో 10,000, బి ముద్రతో 20,000 వచ్చాయనుకుందాం, మిగతావన్నీ మునుపటివే. అప్పుడు మిగులు వరుసలో ఎకు 25,000, బికి 1,000 ఉంటాయి, సికి 6,000 అదనం ఉంటుంది. ఆ అదనాన్ని 5:3లో పంచితే బి వంతు 2,250. బికి మిగిలింది వెయ్యే కాబట్టి ఇప్పుడు బి కూడా 1,250 అదనంలోకి వెళ్తాడు. ఆ 1,250ను మళ్లీ ఎకు మళ్లించాలి. చివరికి 20,000 వాటాల కొరత మొత్తం ఎ నెత్తినే పడుతుంది. ఎవరి కిందా రుణాంకం మిగలనంత వరకు ఇలా తిప్పుతూనే ఉండాలి.

రెండో పద్ధతిలో వరుస క్రమం అదే గాని అన్‌మార్క్‌డ్‌ను పంచే నిష్పత్తి మారుతుంది. ముందు స్థూల పూచీలోంచి మార్క్‌డ్ తీసేసి, మిగిలిన పూచీ నిష్పత్తిలో అన్‌మార్క్‌డ్ పంచుతారు. మొదటి లెక్కలో మార్క్‌డ్ పోగా ఎకు 30,000, బికి 20,000, సికి సున్నా మిగిలాయి. నిష్పత్తి 3:2. ముద్ర లేని 30,000లో ఎకు 18,000, బికి 12,000 వెళ్తాయి. నికర పూచీ ఎకు 12,000, బికి 8,000. సికి ఎలాగూ లేదు.

రెండు పద్ధతుల్లోనూ కొరత 20,000 వాటాలే. అయినా ఎ మీద 750 వాటాలు పెరిగాయి, బి మీద అంతే తగ్గాయి. 10 రూపాయల వాటా కాబట్టి ఆ తేడా 7,500 రూపాయలు. ఈ తేడా ఎందుకొచ్చిందో చూస్తే పద్ధతుల తీరు బోధపడుతుంది. తన పూచీలో ఎ 40 శాతానికి దరఖాస్తులు తెచ్చాడు, బి మూడో వంతుకే తెచ్చాడు. మొదటి పద్ధతి ముద్ర లేనివాటిని పంచేటప్పుడు ఎవరు ఎంత తెచ్చారో చూడదు. ఎవరు ఎంత పెద్ద పూచీ పడ్డారో మాత్రమే చూస్తుంది. రెండో పద్ధతి ఎవరికి ఎక్కువ పూచీ మిగిలి ఉందో వాళ్ల వైపు మొగ్గుతుంది, అంటే తక్కువ తెచ్చినవాడికి కాస్త ఊరటనిస్తుంది. పూచీ పడ్డప్పుడు ఒప్పుకున్న ప్రమాదమే కొలబద్ద కావాలి కాబట్టి మొదటి పద్ధతి ఎక్కువ న్యాయంగా ఉంటుంది. ఒప్పందం వేరే విధంగా చెప్పనప్పుడు పాఠ్యపుస్తకాలు సాధారణంగా దాన్నే అనుసరించడానికి ఇది తగిన కారణమే. పరీక్షలో ప్రశ్న ఏమీ చెప్పకపోతే స్థూల నిష్పత్తి తీసుకుని, అలా తీసుకున్నట్టు ఒక వాక్యం రాయాలి.

కొందరు అండర్‌రైటర్లు ఇంకో అడుగు ముందుకేసి, జారీకి ఎంత గిరాకీ వచ్చినా సరే తాము ఇన్ని వాటాలు తీసుకుంటామని ముందే ఖాయం చేసుకుంటారు. దీన్ని ఫర్మ్ అండర్‌రైటింగ్ అంటారు. మామూలు పూచీలో వాటాలు తీసుకోవడం కొరత మీద ఆధారపడుతుంది, ఇందులో అలా కాదు. జారీకి పది రెట్లు దరఖాస్తులు వచ్చినా ఆ వాటాలు ఆయనకు కేటాయించాల్సిందే.

పై లెక్కలోనే ఎ 4,000, బి 2,000, సి 2,000 వాటాలకు ఫర్మ్ అండర్‌రైటింగ్ చేశారని, ప్రజల దరఖాస్తులు 80,000 వీటికి అదనమని అనుకుందాం. కొరత ఇప్పుడు 12,000కు దిగుతుంది. ఈ 8,000 ఫర్మ్ వాటాలను ఎలా చూడాలన్నది ప్రశ్న. తన డబ్బుతో కొన్నాడు కాబట్టి ఆ ప్రయోజనం అతనికే దక్కాలంటే వాటిని మార్క్‌డ్ దరఖాస్తుల్లా చూడాలి. అప్పుడు మిగులు వరుసలో ఎకు 11,000, బికి 9,000 ఉంటాయి, సికి 8,000 అదనం ఉంటుంది. దాన్ని 5:3లో సర్దితే ఎ, బి ఇద్దరికీ చెరి 6,000 నికర పూచీ. అలా కాకుండా ఆ వాటాలు మొత్తం జారీకి బలమిచ్చాయి కాబట్టి అందరికీ చెందాలంటే వాటిని అన్‌మార్క్‌డ్‌లో కలిపేయాలి. అన్‌మార్క్‌డ్ 38,000 అవుతుంది. అదే దారిలో లెక్క కడితే ఎకు 6,250, బికి 5,750 తేలుతుంది.

రెండు దారుల్లో ఏదైనా సరే, చివరి మెట్టు మర్చిపోకూడదు. నికర పూచీకి ఫర్మ్ వాటాలు కలిపితేనే అండర్‌రైటర్ నిజంగా తీసుకోవాల్సిన వాటాలు వస్తాయి. మార్క్‌డ్‌గా చూసినప్పుడు ఎ మొత్తం 10,000, బి 8,000, సి 2,000 తీసుకోవాలి. సి నికర పూచీ సున్నాయే అయినా 2,000 వాటాలు అతను తీసుకోక తప్పదు. ఫర్మ్ వాటాలను ముందు తగ్గించి, తర్వాత కలపడం మర్చిపోవడం ఈ తరహా లెక్కల్లో అన్నిటికంటే మామూలుగా జరిగే తప్పు. సి గడిలో సున్నా రాసి సంతృప్తిపడ్డ జవాబులన్నీ ఆ తప్పు చేసినవే.

జారీ మొత్తానికి కాక కొంత భాగానికే పూచీ ఉన్నప్పుడు మిగతా భాగానికి కంపెనీయే పూచీదారు అన్నట్టు చూడాలి. లక్ష వాటాల్లో ఒకే అండర్‌రైటర్ 60,000కు పూచీ పడ్డాడు, దరఖాస్తులు 70,000, వాటిలో అతని ముద్రతో వచ్చినవి 40,000 అనుకుందాం. ముద్ర లేని 30,000 కంపెనీ భాగమైన 40,000లోకి వెళ్తాయి. అండర్‌రైటర్ 60,000లోంచి 40,000 పోను 20,000 తీసుకోవాలి. ముద్రల వివరం అసలే లేకపోతే దరఖాస్తులన్నిటిలో అతని వంతు 60 శాతం, అంటే 42,000 అని లెక్కించి, 18,000 మాత్రమే అతని మీద వేస్తారు. ముద్ర లేని దరఖాస్తులు కంపెనీ భాగాన్ని మించి వచ్చిన అరుదైన సందర్భంలో ఆ మించినవి అండర్‌రైటర్‌కు ఊరటగా వెళ్తాయి.

పూచీ తేలాక డబ్బు లెక్క. ఫర్మ్ వాటాలు లేని మొదటి ఉదాహరణకే తిరిగి వస్తే, కమీషన్ 2 శాతం, వాటాకు 10 రూపాయలూ ఒకేసారి చెల్లించాలి అనుకుందాం. కమీషన్ ఎప్పుడూ పూచీ పడ్డ మొత్తం వాటాల జారీ ధర మీద లెక్కించాలి, చివరికి తీసుకున్న వాటాల మీద కాదు. ఎ 5,00,000 రూపాయలకు పూచీ పడ్డాడు కాబట్టి అతని కమీషన్ 10,000. బికి 6,000, సికి 4,000. తీసుకున్న వాటాల విలువకు అండర్‌రైటర్ ఖాతాను డెబిట్ చేసి వాటా మూలధనాన్ని క్రెడిట్ చేస్తారు. కమీషన్‌కు అండర్‌రైటింగ్ కమీషన్ ఖాతాను డెబిట్ చేసి అండర్‌రైటర్ ఖాతాను క్రెడిట్ చేస్తారు. ఎ ఖాతాలో 11,250 వాటాలకు 1,12,500 డెబిట్, 10,000 క్రెడిట్. కాబట్టి అతను 1,02,500 కట్టాలి. బి 87,500లోంచి 6,000 పోను 81,500 కట్టాలి.

సి ఖాతాలో డెబిట్ వైపు ఏమీ లేదు. క్రెడిట్ వైపు 4,000 కమీషన్ మాత్రం ఉంది. ఒక్క వాటా కూడా కొనకపోయినా ఆ 4,000 రూపాయలు కంపెనీ అతనికి చెల్లించాలి.